మూడింటిలో తక్కువది తీసేస్తారట, మరి దేన్ని వదలాలి?

"అక్కా, నేను కాకినాడలో బీటెక్ చేసి ఇప్పుడు అమెరికాలో ఎంఎస్ రెండో సెమిస్టర్‌లో ఉన్నాను. అల్గారిదమ్స్ కోర్సులో మూడు కేటగిరీలు: పది హోంవర్కులు, మిడ్‌టర్మ్, ఫైనల్. మూడింటిలో ఏది తక్కువైతే దాన్ని పూర్తిగా తీసేసి, మిగతా రెండింటి సగటు గ్రేడ్‌గా ఇస్తారు. ఇప్పటికి ఐదు హోంవర్కులకి సగటు 88. మిడ్‌టర్మ్‌లో 61 వచ్చింది. మా రూమ్మేట్ 'ఎలాగూ అది పోయేదే, లైట్ తీసుకో' అంటున్నాడు. క్యాంపస్ జాబ్ వారానికి 20 గంటలు. ఈ కోర్సుకి వారానికి 12 గంటలకు మించి దొరకడం లేదు, అందులో ఒక్కో హోంవర్కే 9 గంటలు తింటోంది. ఇంకా ఏడు వారాలుంది. హోంవర్కులు ఆపేసి ఫైనల్ మీద పడనా? నాకు కనీసం బీ కావాలి, అంటే 83. ఇంకో మాట, వచ్చే సెమిస్టర్‌లో ఇదే ప్రొఫెసర్ దగ్గర మరో కోర్సు తీసుకుంటున్నాను, అక్కడా ఇదే పద్ధతి. అప్పుడు మొదటి రోజు నుంచే ఒకటి వదిలేసుకుని రెండింటి మీదే కూర్చోవచ్చా?"

తమ్ముడూ, హోంవర్కులు ఆపకు. ఆపితే ఫైనల్‌లో నూటికి నూరు వచ్చినా నీకు బీ రాదు. ఇది భయపెట్టడానికి అనడం లేదు, లెక్క చూడు.

ఇప్పటికి ఐదు హోంవర్కులు చేశావు, సగటు 88. అంటే చేతిలో 440 మార్కులున్నాయి. మిగతా ఐదూ సున్నాలైతే ఆ 440ని పదితో భాగిస్తారు. హోంవర్క్ కేటగిరీ 44కి పడిపోతుంది. అప్పుడు మూడింటిలో తక్కువది ఏది? హోంవర్కే. తీసేసేది దాన్ని. నువ్వు పోయిందనుకున్న 61 మళ్లీ లేచి వచ్చి కూర్చుంటుంది. ఫైనల్‌లో 100 తెచ్చుకున్నా (61 + 100) ÷ 2 = 80.5. బీకి రెండున్నర మార్కులు దూరం.

మీ రూమ్మేట్ చెప్పింది సగమే నిజం. మిడ్‌టర్మ్ పోతుంది, నిజమే, కానీ ఊరికే పోదు. కోర్సు మొత్తానికి నీకు ఇచ్చింది ఒక్క మినహాయింపు. ఆ 61 దాన్ని వాడేసుకుంది. ఇక హోంవర్కూ ఫైనలూ రెండూ లెక్కలోవే. మిడ్‌టర్మ్‌లో 90 వచ్చినవాడికి ఈ ప్రశ్న అడిగే హక్కుంది, హోంవర్కో ఫైనలో ఏదో ఒకటి వదులుకోవచ్చు. నీకు ఆ వీలు లేదు. ఈ పద్ధతి ఉన్న కోర్సుల్లో టీఏగా పేపర్లు దిద్దిన రోజుల్లో నేను ఎక్కువగా చూసిన పొరపాటు ఇదే. మొదటి దెబ్బ తగలగానే "డ్రాప్ ఉందిలే" అంటారు. నెల తర్వాత రెండో దెబ్బకీ అదే మాట అంటారు. ఉన్నది ఒకటే.

మనవాళ్లకి ఇందులో ఇంకో చిక్కుంది. నువ్వు బీటెక్ చేసిన వైపు జేఎన్టీయూ రెగ్యులేషన్లలో రెండు మిడ్‌లలో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం వెయిటేజీ ఇచ్చి కలిపే పద్ధతి చాలామందికి అలవాటే. అక్కడ తక్కువ వచ్చిన మిడ్ కూడా కొంచెం లాగుతుంది. అందుకే దాంట్లో నాలుగు మార్కులు పెంచుకున్నా ఎంతో కొంత దక్కుతుంది. ఇక్కడ అలా కాదు. తక్కువదానికి వెయిటేజీ శుద్ధ సున్నా. దాంట్లో 10 వచ్చినా 60 వచ్చినా ఒకటే. మిగతా రెండింటిలో ఒకదాన్ని దాటితే తప్ప దాని మీద పెట్టిన గంటకి ఒక్క మార్కు కూడా రాదు. అలవాటుకొద్దీ మూడింటికీ సమానంగా సమయం పంచేవాళ్లు నష్టపోయేది అందుకే. మూడింట్లోనూ 80 తెచ్చుకున్నవాడికి గ్రేడ్ 80. రెండింటిలో 92, మూడోదాంట్లో 50 వచ్చినవాడికి 92. మొత్తం కూడితే మొదటివాడు 240, రెండోవాడు 234. కష్టం ఇంచుమించు సమానం, గ్రేడ్లో మాత్రం పన్నెండు మార్కుల తేడా.

ఇప్పుడు నీ ఏడు వారాల సంగతి.

వారానికి 12 చొప్పున 84 గంటలు. ఐదు హోంవర్కులకి తొమ్మిదేసి గంటలంటే 45. ఫైనల్‌కి మిగిలేవి 39. హోంవర్క్ సగటు 88 దగ్గరే నిలబడితే బీకి ఫైనల్‌లో కావలసింది 78, ఎందుకంటే (88 + 78) ÷ 2 = 83. మిడ్‌టర్మ్‌లో 61 వచ్చినవాడికి 78 అంటే పదిహేడు మార్కులు పైకెక్కాలి. అసాధ్యం కాదు, కానీ దానంతట అదీ రాదు.

ఇక్కడ ఆపేయడమా కొనసాగించడమా అన్నది అసలు ప్రశ్నే కాదు. ఒక్కో హోంవర్క్‌లో చివరి మూడు గంటలు ఎక్కడ పెట్టాలన్నదే ప్రశ్న. నీ తొమ్మిది గంటలూ ఒకే రకంగా ఉండవు. నా అనుభవంలో అల్గారిదమ్స్ హోంవర్క్‌లో మొదటి ఐదారు గంటల్లో చాలా భాగం తెమిలిపోతుంది. మిగతాదంతా ఆ చివరి చుక్క గుర్తు పెట్టిన కష్టమైన ప్రశ్నతో కుస్తీ, ఆపైన లాటెక్‌లో అందంగా టైప్ చేయడం. ఆరు గంటల దగ్గర ఆపితే నీకు 88కి బదులు 80 వస్తుందనుకుందాం. మిగతా ఐదింటికీ అలాగే చేస్తే కేటగిరీ సగటు 84 అవుతుంది. అప్పుడు బీకి ఫైనల్‌లో 78 చాలదు, 82 కావాలి. అంటే 15 గంటలు మిగిల్చుకున్నావు, దానికి ధర ఫైనల్‌లో నాలుగు మార్కులు.

బేరం ఇదీ. ఆ 15 గంటలు ఫైనల్ మీద పెడితే నాలుగు మార్కుల కంటే ఎక్కువ వస్తాయా? మామూలుగా అయితే వస్తాయి, ఎందుకంటే హోంవర్కులో ఒక్కటి కోర్సులో ఇరవయ్యో వంతు, ఫైనల్ సగం. ఒక హోంవర్క్‌లో పది మార్కులు పెంచితే చివరి గ్రేడ్ అర మార్కు కదులుతుంది. ఫైనల్‌లో పది పెంచితే ఐదు కదులుతుంది. కానీ ఆ గంటలు నోట్సు మళ్లీ మళ్లీ చదవడానికి పోతే ఏమీ రావు. అందుకే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టుకో.

హోంవర్కులో 88, పరీక్షలో 61 అన్న తేడా ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలి. నీకు పూర్తి మార్కులు వచ్చిన పాత హోంవర్క్ ప్రశ్న ఒకటి తీసుకో. తెల్ల కాగితం, పాతిక నిమిషాలు, ఫోన్ పక్క గదిలో. మొదట్నుంచి చివరిదాకా రాయి. రాయగలిగితే ఆ 88 నీదే. అలాంటప్పుడు మిడ్‌టర్మ్‌లో నిన్ను ముంచింది టైమో టెన్షనో అయ్యుంటుంది. రాయలేకపోతే ఆ 88 నీ స్టడీ గ్రూపుది. శనివారం రాత్రి నలుగురు కూర్చున్నప్పుడు "ఇది గ్రీడీతో రాదురా, డీపీ" అని ఎవడో ఒకడు అంటాడు. అక్కడినుంచి అందరికీ దారి కనిపిస్తుంది. పరీక్షలో ఆ ఒక్క మాట అనేవాడు పక్కన ఉండడు.

దగ్గరగా ఒక ఉదాహరణ చూపిస్తాను. 1, 5, 7 విలువల నాణేలున్నాయి, అతి తక్కువ నాణేలతో 10 ఇవ్వాలి. తొందరలో రాసేవాళ్లు పెద్ద నాణెంతో మొదలుపెడతారు. 7, ఆపైన మూడు ఒకట్లు, మొత్తం నాలుగు నాణేలు. రెండు ఐదులు ఇస్తే సరిపోయేది. గ్రీడీ ఇక్కడ తప్పు. డైనమిక్ ప్రోగ్రామింగ్ అని తెలిసినవాళ్లు కూడా చాలామంది నేరుగా కోడ్ రాసేసి పేపర్ తిప్పేస్తారు. మనకి ల్యాబ్ ఎగ్జామ్ అలవాటు మరి. దేనికెన్ని మార్కులో గడులుగా రాసి దిద్దేవాళ్ల దగ్గరుండే రూబ్రిక్‌లో కోడ్‌కి పెద్దగా చోటుండదు. వాళ్లు వెతికేది ఇది:

```
D[i] = i మొత్తానికి కావలసిన అతి తక్కువ నాణేలు
D[0] = 0
D[i] = 1 + min(D[i-1], D[i-5], D[i-7])
```

i కంటే పెద్ద నాణెం వచ్చినప్పుడు ఆ పదాన్ని వదిలేయాలని పక్కన ఒక ముక్క రాయాలి. మొదటి వరుసలో D[i] అంటే ఏమిటో మాటల్లో చెప్పడానికి కొన్ని మార్కులు, బేస్ కేస్‌కి కొన్ని, రికరెన్స్‌కి ఎక్కువ భాగం, అది ఎందుకు సరైందో రెండు వాక్యాల్లో చెప్పినందుకు కొన్ని, రన్నింగ్ టైమ్‌కి కొన్ని. కోడ్ నిక్షేపంగా పనిచేసేదే అయినా ఇవి విడివిడిగా కనపడకపోతే సగం మార్కులు పోతాయి. నేను దిద్దినప్పుడు చాలాసార్లు బాధపడుతూనే కోసేదాన్ని. వాడికి విషయం తెలుసని కనిపిస్తూనే ఉండేది, కానీ రూబ్రిక్ గడిలో పెట్టడానికి కాగితం మీద ఏమీ ఉండేది కాదు.

నీ మిడ్‌టర్మ్ పేపర్ బయటికి తియ్యి. పోయిన 39 మార్కులూ ఏ గడుల్లో పోయాయో ఒక్కొక్కటీ చూడు. విషయం తెలిసి కూడా రాయకపోవడం వల్ల పోయినవి ఎన్ని, అసలు దారే దొరకక పోయినవి ఎన్ని అని రెండు కుప్పలు పెట్టు. మొదటి కుప్ప పెద్దదైతే సంతోషించు, అది పదిహేను గంటల్లో తీరే జబ్బు. వారానికి రెండు పాత ప్రశ్నలు, పుస్తకం మూసి, టైమ్ పెట్టుకుని, రూబ్రిక్ గడులన్నీ నిండేలా రాయి. తర్వాత నీ పేపర్‌ని నువ్వే దిద్దుకో. రెండో కుప్ప పెద్దదైతే మాత్రం హోంవర్క్ గంటలు తగ్గించకు. అప్పుడు నీకు ఆ కష్టమైన ప్రశ్నతో కుస్తీయే కావాలి, కాకపోతే గ్రూపుకి వెళ్లకముందు గంటసేపైనా ఒంటరిగా. దారి దొరకడం అనేది అక్కడే అలవాటవుతుంది.

మిడ్‌టర్మ్ పేపర్ అన్నాను కదా అని రీగ్రేడ్ కోసం ప్రొఫెసర్‌తో వాదనకి దిగకు. 61ని 66 చేయించుకున్నావే అనుకో, ఫైనల్‌లో 66 దాటగానే ఆ ఐదు మార్కులూ గాలిలో కలిసిపోతాయి. నీకు బీ రావాలంటే ఎలాగూ 78 దాటాలి. కూడికలో తప్పుంటే ఒక ఈమెయిల్ పెట్టు, అంతే.

గంటలు ఇంకెక్కడైనా దొరుకుతాయా అంటే, నీ జాబ్ దగ్గర దొరుకుతాయి. ఎఫ్-1 మీద సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో చేయనిచ్చేదే వారానికి 20 గంటలు, నువ్వు దాన్ని నిండా వాడుతున్నావు. ఫైనల్స్ ముందు రెండు వారాలు ఆరేసి గంటలు తగ్గించుకుంటే 12 గంటలొస్తాయి, ఇందాక హోంవర్కుల్లో మిగిల్చుకున్నదానికి దాదాపు సమానం. డబ్బు ఇబ్బంది ఉంటుందని తెలుసు. కానీ ఆ బీ రాక, ఓవరాల్ జీపీఏ 3.0 కింద పడితే మళ్లీ ఒక కోర్సు ఫీజు కట్టాల్సి రావచ్చు. షిఫ్టు మార్చుకునే జూనియర్‌ని ఇప్పుడే మాట్లాడి పెట్టుకో, ఆ రెండు వారాల్లో అందరూ అదే అడుగుతారు.

ఫైనల్ రాసే రోజు ఒక్క సంగతి గుర్తుంచుకో. ఆ రోజుకి నీ హోంవర్క్ 84 దగ్గరో 88 దగ్గరో స్థిరపడి ఉంటుంది. ఫైనల్ ఎంత ఘోరంగా పోయినా 61 కాస్తుంది, గ్రేడ్ డెబ్బై రెండున్నర కిందికి దిగదు. అంటే ఫైనల్‌లో 61 కంటే కింద ఎంత వచ్చినా ఒకటే, పైన వచ్చిన ప్రతి రెండు మార్కులకీ గ్రేడ్‌లో ఒకటి. కాబట్టి అన్ని ప్రశ్నలకీ తలా ఒక పేరా చల్లి 60 దగ్గర ఆగే పద్ధతి నీకు పనికిరాదు. వచ్చిన ప్రశ్నలు పూర్తిగా, గడులన్నీ నింపి రాసి, ఆ తర్వాతే మిగతావాటికి వెళ్లు.

ఇక వచ్చే సెమిస్టర్ ప్రశ్న. మొదటి రోజే ఒకదాన్ని వదిలేసుకోవచ్చా అంటే, నేనైతే వదలను. వదలాల్సిందే అయితే మాత్రం అది ఫైనల్ కావాలి, అదీ మిడ్‌టర్మ్ మార్కులు చూశాకే.

హోంవర్క్‌ని వదలొద్దనడానికి కారణం మంచి విద్యార్థి నీతి కాదు. మూడింటిలో నీ చేతిలో ఉండే కేటగిరీ అదొక్కటే. పది ముక్కలుగా ఉంటుంది కాబట్టి ఒకటి చెడినా పెద్దగా కదలదు, ఎక్కడున్నావో ప్రతి వారం తెలుస్తుంది. మిడ్‌టర్మ్, ఫైనల్ అలా కాదు. ఒక్క పూటలో తేలిపోతాయి. జ్వరమొచ్చినా, ఒక ప్రశ్న తప్పుగా చదివినా అంతే. హోంవర్క్‌ని వదిలేస్తే ఆ రెండు పూటల్లో రెండూ బాగా పోవాలి. హోంవర్క్‌ని పైన నిలబెట్టుకుంటే రెండింటిలో ఒక్కటి బాగా పోతే చాలు.

ఆ తేడా ఎంతో అంకెల్లో చూడు. నీకు పరీక్ష బాగా పోతే 90, పోకపోతే 60, రెండింటికీ సమాన అవకాశం ఉందనుకో. హోంవర్క్ 90. ఫైనల్‌ని ముందే వదిలేస్తే అంతా మిడ్‌టర్మ్ మీదే, సగటున 75. గ్రేడ్ సగటున 82.5. రెండూ మనసు పెట్టి రాస్తే, రెండూ చెడే అవకాశం నాలుగింట ఒకటి. మిగతా మూడు వంతులు కనీసం ఒక 90 వస్తుంది. రెండింటిలో మంచిది సగటున 82.5, గ్రేడ్ సగటున 86.25. మూడో కేటగిరీ నీకిచ్చేది ఆ మూడుముప్పావు మార్కులు. అది మార్కుల కోసం పెట్టుకున్నది కాదు, ఇన్సూరెన్స్. ప్రీమియం కట్టకుండా పాలసీ వదిలేస్తానంటున్నావు నువ్వు.

అయితే ఇన్సూరెన్స్ ఎప్పటికీ కడుతూ పోనక్కర్లేదు. మిడ్‌టర్మ్ ముందు జరుగుతుంది, ఫైనల్ తర్వాత. ఆ వరసని వాడుకోవాలి. మొదటి ఏడెనిమిది వారాలూ ఫైనల్ ఉందన్న సంగతి మరచిపోయి మిడ్‌టర్మ్‌నే ఫైనల్ అనుకుని చదువు. హోంవర్క్ 91, మిడ్‌టర్మ్ 87 వచ్చాయనుకో. సగటు 89, బీ ప్లస్. అది నీ జేబులో పడిపోయింది. ఫైనల్ ఇక చేయగలిగేది ఒక్కటే, 87ని దాటి నిన్ను 90కి, ఏ మైనస్‌కి చేర్చడం. దానికి 89 రావాలి. అప్పుడు కూర్చుని ఆలోచించు. ఫైనల్స్ వారంలో నీకు ఇంకో రెండు కోర్సుల పరీక్షలుంటాయి, వాటికి డ్రాప్ ఉండదు. అక్కడ ఇరవై గంటలు పెడితే ఎంత వస్తుంది, ఇక్కడ 89 రావాలంటే ఎన్ని గంటలు పడుతుంది అని. చాలాసార్లు జవాబు అక్కడే పెట్టమంటుంది. ఈ పద్ధతిలో అసలు లాభం అదే, సెమిస్టర్ మొత్తంలో అన్నిటికంటే ఇరుకైన వారంలో ఒక పరీక్ష భారం దిగిపోతుంది. అందుకే వదలాల్సింది ఫైనల్ అన్నాను. మిడ్‌టర్మ్‌ని వదిలేసుకున్నవాడు, నీలాగే, ఆ వారంలోనే ఎక్కువ మొయ్యాలి.

ఇంత లెక్కా వేసే ముందు సిలబస్ ఒకసారి చదువు. మన దగ్గర సిలబస్ అంటే పాఠాల జాబితా. అక్కడ సిలబస్ అంటే కోర్సు నిబంధనల పత్రం, గ్రేడ్ గొడవ వస్తే ప్రొఫెసర్ చూపించేది దాన్నే. నేను దాన్ని సరిగా చదవక దెబ్బతిన్నాను. నా ఎంఎస్‌లో ఒక కోర్సులో హోంవర్క్‌కి 20, మిడ్‌టర్మ్‌కి 30, ఫైనల్‌కి 50 శాతం వెయిటేజీ. తక్కువది తీసేస్తామన్నారు. నాకు హోంవర్క్ 60, మిడ్‌టర్మ్ 90, ఫైనల్ 62 వచ్చాయి. ఫైనల్ తీసేస్తే మిగతా రెండింటితో 78 వస్తుందని లెక్కేసుకుని నిద్రపోయాను. సిలబస్‌లో ఉన్నది "తక్కువ శాతం వచ్చిన కేటగిరీ" అని. 62 కంటే 60 తక్కువ కదా, హోంవర్క్ తీసేశారు. సగం కంటే ఎక్కువ బరువు ఫైనల్ మీదే పడి 72.5 వచ్చింది. నాకు లాభమయ్యేదాన్ని తీయాలని ఎక్కడా రాసిలేదు, నేనే ఊహించుకున్నాను. తక్కువ శాతం వచ్చినదాన్ని తీసెయ్యడం ప్రతిసారీ విద్యార్థికి మేలు చేయదని డేనియల్ కేన్, జొనాథన్ కేన్ ఒక గణిత పత్రికలో 2006లో వ్యాసమే రాశారు. అది నా చేతికి తర్వాత ఎప్పుడో వచ్చింది, చదివి నవ్వుకున్నాను. నీ కోర్సులో మూడింటికీ సమాన బరువు కాబట్టి ఈ చిక్కు లేదు. వచ్చే సెమిస్టర్ కోర్సులో సమానమో కాదో చూసుకో. కాకపోతే "తక్కువది" అన్న మాటకి అర్థం ఏమిటో మొదటి వారంలోనే ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకో.

అదే ఈమెయిల్‌లో ఇంకో రెండు అడుగు. ఫైనల్ రాయకపోతే అది డ్రాప్ అవుతుందా, లేక కోర్సే ఫెయిలా? కొన్ని కోర్సుల్లో మార్కులు తీసేసినా పరీక్షకి కూర్చోవడం తప్పనిసరి. అక్కడ రాకపోతే డ్రాప్ మాట దేవుడెరుగు, గ్రేడే ఉండదు. రెండోది, కాపీ కేసులో పడిన సున్నాకి డ్రాప్ వర్తిస్తుందా? చాలామంది ప్రొఫెసర్లు వర్తించదని స్పష్టంగా రాస్తారు. "హోంవర్క్ కేటగిరీ ఎలాగూ పోయేదే" అనుకుని ఫ్రెండ్ ఫైల్ పేరు మార్చి పెట్టిన కుర్రాడు నాకు తెలుసు. ఆ సున్నా పోలేదు, లెక్కలోనే ఉండి గ్రేడ్‌ని కిందికి లాగింది.

ఈ సెమిస్టర్‌కి చివరిగా ఒక తేదీ చూసుకో: కోర్సు నుంచి విత్‌డ్రా అయ్యే గడువు. మామూలుగా మిడ్‌టర్మ్ తర్వాత కొన్ని వారాల్లో ఉంటుంది. ఆ తేదీకి వారం ముందు, నేను చెప్పిన తెల్ల కాగితం పరీక్ష మూడు వేరువేరు ప్రశ్నలతో మళ్లీ పెట్టుకో. మూడింటిలో రెండు పూర్తిగా రాయగలిగితే ఉండు. ఒక్కటీ రాకపోతే విత్‌డ్రా గురించి ఆలోచించు, కానీ ఫామ్ నింపే ముందే ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్లు. ఎఫ్-1 మీద ఫుల్ టైమ్ క్రెడిట్స్ కంటే తగ్గాలంటే వాళ్ల అనుమతి ముందుగా ఉండాలి, తర్వాత తెచ్చుకుంటానంటే కుదరదు.